పాత జనరేటరుకు 4,50,000 రూపాయలు: అది దాని అసలు ధరేనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఐసు ఫ్యాక్టరీ. మావారు, బావగారు, మరిది సమాన భాగస్తులు. లెక్కలు నేను రాస్తాను. 2019 మే నెలలో జీఎస్టీ కాక 8,00,000 రూపాయలకు కొన్న జనరేటరు ఒకటి ఉంది. ఏటా 15 శాతం తరుగుదల పోగా 2025 మార్చి 31న దాని పుస్తక విలువ 3,01,720. సెప్టెంబరు 30న దీన్ని ఇచ్చి కొత్తది తీసుకుందామనుకుంటున్నాం. కొత్తదాని ధర 15,00,000 అని, పాతదానికి 4,50,000 తగ్గిస్తామని, మిగిలిన 10,50,000 మీద జీఎస్టీ కడితే చాలని డీలరు అంటున్నారు. పాతది ఇవ్వకుండా కొంటే ధర 14,00,000 అని అదే డీలరు మొదట చెప్పారు. భీమవరంలో పాత యంత్రాలు కొనే ఆయన మా జనరేటరుకు 3,40,000 ఇస్తానన్నారు. మా గుమాస్తా కొత్త జనరేటరును 10,50,000కు రాస్తే సరిపోతుందంటున్నాడు. బావగారు వచ్చే మార్చిలో భాగస్వామ్యం నుంచి తప్పుకుంటున్నారు. పుస్తక విలువ కన్నా 1,48,280 ఎక్కువ వస్తోంది కాబట్టి అందులో మూడో వంతు తనకు రావాలంటున్నారు. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, సంతకాలు కాకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఈ వ్యవహారంలో పొరపాట్లన్నీ కాగితం మీద రాసే అంకెల్లోనే జరుగుతాయి. మీ గుమాస్తా లెక్క తప్పు. బావగారు లాభం ఉందనడం నిజమే కానీ ఆయన చెప్పిన మొత్తం ఎక్కువ. డీలరు చెప్పిన జీఎస్టీ పద్ధతి మాత్రం అసలు ఒప్పుకోకండి.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట, పాతది ఇవ్వకుండా కొంటే ధర 14,00,000 అన్నది. దాన్ని మీరు ఏదో అదనపు సమాచారంలా రాశారు కానీ మొత్తం లెక్కకు తాళం చెవి అదే. ఒకే యంత్రాన్ని ఒకే డీలరు వట్టి డబ్బుకైతే 14,00,000కు ఇస్తున్నారు, పాతది కలిపితే 15,00,000 అంటున్నారు. అంటే పాతదానికి ఇస్తామన్న 4,50,000లో ఒక లక్ష మీ జనరేటరు విలువ కానే కాదు. కొత్తదాని ధర మీద ఒక లక్ష పెంచి, అదే లక్షను పాతదాని పేరున మీకు తిరిగి ఇస్తున్నారు. ఆ లక్ష తీసేస్తే మీ పాత జనరేటరుకు ఆయన నిజంగా కడుతున్న ధర 3,50,000. భీమవరం వ్యాపారి 3,40,000 అన్నారు కాబట్టి ఈ అంకె గాలిలోది కాదని కూడా తెలుస్తోంది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్తే దాదాపు ఒకే చోటికి చేరాం.

డీలర్లు ఇలా ఎందుకు చేస్తారంటే, తగ్గింపు ఇచ్చామని చెప్పడం కన్నా పాత యంత్రానికి మంచి ధర కట్టామని చెబితే కొనేవారికి తృప్తి ఎక్కువ. పైగా కంపెనీ ధరల పట్టికలో ఉన్న అంకె అలాగే నిలుస్తుంది. ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు. బేరంలో ఎవరి మాటలు వారికి ఉంటాయి. కానీ బేరంలో మాట్లాడిన అంకె పుస్తకంలోకి అలాగే ఎక్కకూడదు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ 14,00,000 ధర, ఈ 15,00,000 ధర ఒకే సరుకుకేనా అని రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి వరుసగా చదవండి. కరెంటు పోగానే తనంతట తానే జనరేటరును నడిపించే ప్యానెల్ ఒకదానిలో ఉండి, మరొకదానిలో లేకపోవచ్చు. బ్యాటరీలు, కేబుళ్లు, ఫ్యాక్టరీ వరకు రవాణా, దిమ్మె మీద బిగించే ఖర్చు, మొదటిసారి పోసే ఆయిల్ ఏ ధరలో కలిశాయో చూడండి. ప్యానెల్ ఒక్కటే 60,000 తేడా తెచ్చిందనుకోండి, అప్పుడు పెంచిన ధర లక్ష కాదు, 40,000 మాత్రమే. నోటిమాటగా చెప్పిన 14,00,000ను కాగితం మీద, తేదీ వేసి, డీలరు సంతకంతో తీసుకోండి. రేపు ఆడిటర్ అడిగినా, బావగారు అడిగినా చూపించగలిగేది ఆ ఒక్క కాగితమే.

కొటేషన్లు రెండూ ఒకే సరుకుకు ఇచ్చినవేనని అనుకుని లెక్క వేద్దాం.

కొత్త జనరేటరు మీకు ఎంతకు పడింది? మీరు ఇచ్చేవి రెండు: 10,50,000 డబ్బు, 3,50,000 విలువ చేసే పాత యంత్రం. రెండూ కలిపితే 14,00,000. పుస్తకంలో కొత్త జనరేటరు ఎక్కాల్సిన విలువ ఇదే. ఒక ఆస్తిని ఇచ్చి మరో ఆస్తిని తీసుకున్నప్పుడు కొత్తదాని విలువ పుస్తక విలువను బట్టి కాకుండా సరసమైన మార్కెట్ విలువను బట్టి నిర్ణయించాలని మన దేశపు 10వ అకౌంటింగ్ ప్రమాణం కూడా చెబుతుంది. మార్కెట్ విలువ నమ్మకంగా తేల్చలేని సందర్భాలకు మినహాయింపు ఉంది కానీ, రెండు ధరలు చేతిలో ఉన్న మీకు అది వర్తించదు.

మీ గుమాస్తా చెప్పినట్టు 10,50,000కు రాస్తే ఏమవుతుందో చూడండి. కొత్త యంత్రం విలువ 3,50,000 తక్కువగా ఎక్కుతుంది. అది సగం నష్టమే. ఆ పద్ధతిలో పాత జనరేటరును పుస్తకంలోంచి తీసివేసే ఎంట్రీ ఎక్కడా ఉండదు, అసలు ప్రమాదం అక్కడ ఉంది. షెడ్డులో ఒకే జనరేటరు ఉంటుంది, ఆస్తుల రిజిస్టరులో రెండు ఉంటాయి. లేని యంత్రం మీద ఏటా తరుగుదల పడుతూ ఉంటుంది. బీమా పాలసీని రిజిస్టరు చూసి పునరుద్ధరించే అలవాటున్న చోట, వెళ్లిపోయిన యంత్రానికి ప్రీమియం కట్టడమూ జరుగుతుంది. ఇలాంటి తప్పు ఎప్పుడో జరిగిందేమోనని అనుమానం వస్తే కనిపెట్టడం సులువు. రిజిస్టరు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్లి ఇంజిన్ నంబరు, ఆల్టర్నేటర్ నంబరు ఒక్కొక్కటీ సరిచూడండి. పాత కంప్రెసర్లు, మోటార్లు కూడా అలాగే చూడండి. మార్చేసిన మోటారు పేరు రిజిస్టరులో ఇంకా బతికే ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

ఇక పాతదాని మీద లాభం ఎంత? దీనికి ముందు పుస్తక విలువను సెప్టెంబరు 30 వరకు తీసుకురావాలి. మార్చి 31 నాటి 3,01,720 అలాగే వాడకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆ జనరేటరు మీ దగ్గర పని చేసింది. రొయ్యల పట్టుబడులు ముమ్మరంగా ఉండే రోజుల్లో కరెంటు పోతే ఐసు దిమ్మలు నిలబెట్టింది అదే. ఆ ఆరు నెలల తరుగుదల ఈ ఏడాది ఐసు తయారీ ఖర్చులో చేరాలి. 3,01,720 మీద 15 శాతం చొప్పున ఆరు నెలలకు 22,629 వస్తుంది. అది పోగా సెప్టెంబరు 30న పుస్తక విలువ 2,79,091.

విలువ 3,50,000, పుస్తకంలో ఉన్నది 2,79,091. లాభం 70,909. లాభనష్టాల ఖాతాలో ఎక్కాల్సింది ఈ అంకె. ఐసు అమ్మకాల ఆదాయంలో కలపకుండా, ఆస్తి అమ్మకం మీద లాభంగా విడిగా చూపండి. లేకపోతే వచ్చే ఏడాది ఐసు వ్యాపారంలో లాభం తగ్గిందేమిటని మీరే వెతుక్కోవలసి వస్తుంది.

ఈ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవడం మంచిది. పుస్తక విలువ మార్కెట్‌ను చూసి వేసింది కాదు, 15 శాతం అనే రేటును ఏటా గుణిస్తూ వచ్చింది. మార్కెట్ మాత్రం వేరే సంగతులు చూస్తుంది. జనరేటరు కొనేవారు మొదట అవర్ మీటరులో ఎన్ని గంటలు తిరిగిందో చూస్తారు. తర్వాత పొగ రంగు, ఆల్టర్నేటర్ ఇన్సులేషన్ పరీక్ష, చివరగా క్యానపీ అడుగు భాగంలో తుప్పు. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో, పైగా ఉప్పునీటి ట్యాంకులు ఉండే ఐసు ఫ్యాక్టరీలో, అడుగు రేకు చెడకుండా ఉందంటే మీరు యంత్రాన్ని బాగా చూసుకున్నారని అర్థం. కొత్త కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త జనరేటర్ల ధరలు పెరగడం కూడా పాతవాటికి గిరాకీ తెచ్చింది. ఇవన్నీ కలిసి ఆరేళ్లలో పుస్తకం వేసిన తరుగుదల నిజంగా జరిగిన తరుగుదల కన్నా కొంచెం ఎక్కువైంది. ఆ ఎక్కువైన మొత్తమే ఇప్పుడు లాభంగా తేలింది.

లెక్క తలకిందులై, పాతదానికి అసలు విలువ 2,20,000 మాత్రమే వచ్చి ఉంటే 59,091 నష్టం వచ్చేది. అప్పుడూ పద్ధతి ఇదే, ఆ నష్టాన్ని ఈ ఏడాదిలోనే చూపాలి. నష్టం కనిపించకూడదని దాన్ని కొత్త యంత్రం ధరలో కలిపేసేవారిని నేను చాలామందిని చూశాను. పాత యంత్రం చేసిన నష్టాన్ని కొత్త యంత్రం నెత్తిన పెట్టి పదేళ్లు మోయించడం అది, అలా చేయకండి.

ఇప్పుడు జీఎస్టీ. డీలరు మిగిలిన 10,50,000 మీద పన్ను కడితే చాలని ఎందుకన్నారో నాకు తెలుసు. ఎలా లెక్కించినా ఆయనకు చేరే డబ్బు ఒకటే, కాగితాలు మాత్రం తగ్గుతాయి. కానీ చట్టం దృష్టిలో ఇక్కడ జరుగుతున్నది ఒక అమ్మకం కాదు, రెండు. డీలరు మీకు కొత్తది అమ్ముతున్నారు, మీరు డీలరుకు పాతది అమ్ముతున్నారు. జీఎస్టీ చట్టంలో సరఫరా అనే మాట కింద అమ్మకంతో పాటు వస్తుమార్పిడిని కూడా పేరు పెట్టి చేర్చారు. ధరలో కొంత భాగం డబ్బు రూపంలో కాకుండా వస్తువు రూపంలో వస్తే పన్ను ఎంత మీద వేయాలో 27వ నిబంధన చెబుతుంది. దానికి నిబంధనలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. పాత ఫోను తీసుకుని కొత్త ఫోనును 20,000కు ఇచ్చారు, పాతది ఇవ్వకుండా కొంటే దాని ధర 24,000. అప్పుడు పన్ను వేయాల్సిన విలువ 24,000. మీ వ్యవహారం అచ్చంగా ఇదే. కాబట్టి డీలరు ఇన్వాయిస్ 14,00,000 మీద ఉండాలి.

ఆ లెక్కన డీలరు 14,00,000 మీద 18 శాతం, అంటే 2,52,000 జీఎస్టీ వేసి మొత్తం 16,52,000కు ఇన్వాయిస్ ఇస్తారు. మీ ఫ్యాక్టరీ పేరున మీరు 3,50,000 మీద 63,000 జీఎస్టీ వేసి 4,13,000కు డీలరు పేరున ఇన్వాయిస్ ఇస్తారు. రెంటికీ తేడా 12,39,000. బ్యాంకు నుంచి డీలరుకు వెళ్లాల్సిన సొమ్ము అంతే. 10,50,000 మీద 18 శాతం కలిపి చూసినా ఇదే వస్తుంది. మీ చేతినుంచి అదనంగా ఒక్క రూపాయి కూడా పోవడం లేదు. పోనప్పుడు రెండు ఇన్వాయిస్‌లు ఎందుకని మీవారు అడగవచ్చు. ఒక్క ఇన్వాయిస్‌తో సరిపెడితే మీ పాత జనరేటరు బిల్లు లేకుండా గేటు దాటినట్టవుతుంది. తనిఖీలో ఆస్తుల జాబితా, జీఎస్టీ రిటర్నులు సరిపోల్చి చూస్తే అమ్మిన యంత్రం మీద కట్టని పన్ను, వడ్డీ, జరిమానా మీ మీదే పడతాయి. డీలరు తన పన్ను తక్కువ చూపిన తప్పు ఆయనది, కానీ పాతదాని పన్ను చూపని తప్పు పూర్తిగా మీది.

మీరు వేసే 63,000 పన్నును డీలరు నుంచి వచ్చిన 2,52,000 క్రెడిట్‌లోంచే సర్దుకోవచ్చు. మిగిలిన 1,89,000 క్రెడిట్ ఐసు అమ్మకాల మీద కట్టే 5 శాతం పన్నులో నెలనెలా తగ్గుతూ వస్తుంది. ఐసు ఫ్యాక్టరీకి పెద్ద ఖర్చు కరెంటు, దాని మీద జీఎస్టీ లేదు కాబట్టి మీకు వేరే క్రెడిట్ పెద్దగా పేరుకుని ఉండదు. అందుకే ఇది నిలిచిపోకుండా ఖర్చవుతుంది. అయితే యంత్రాల మీద వచ్చిన క్రెడిట్‌ను డబ్బు రూపంలో వాపసు అడిగే వీలు మీకు ఉండదు, అమ్మకాల పన్నులోంచే తీర్చుకోవాలి. ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీని యంత్రం విలువలో కలిపి దాని మీద తరుగుదల కూడా తీసుకోకూడదు. అందుకే పుస్తకంలో 16,52,000 రాయకుండా 14,00,000 రాస్తున్నాం.

పాత యంత్రం కొని 5 సంవత్సరాలు దాటింది కాబట్టి మీకు ఒక చిక్కు తప్పింది. 5 సంవత్సరాల లోపు యంత్రమైతే, కొన్నప్పుడు తీసుకున్న క్రెడిట్‌ను ప్రతి మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించి, మిగిలినదాన్ని అమ్మకపు పన్నుతో పోల్చి, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మీ జనరేటరుకు అప్పట్లో తీసుకున్న క్రెడిట్ 1,44,000. మూడేళ్లకే అమ్మి ఉంటే 60 శాతం తగ్గి 57,600 మిగిలేది, దాన్ని 63,000తో పోల్చాల్సి వచ్చేది. ఇప్పుడు మిగిలింది సున్నా, కాబట్టి 63,000 ఒక్కటే. మీ మిగతా యంత్రాలు మార్చేటప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

పుస్తకంలో ఎంట్రీలు ఈ వరుసలో రాయండి. మొదట పాత జనరేటరు మీద 22,629 తరుగుదల. తర్వాత కొత్త జనరేటరు ఖాతాకు 14,00,000, జీఎస్టీ క్రెడిట్ ఖాతాకు 2,52,000 డెబిట్ చేసి, డీలరు ఖాతాకు 16,52,000 క్రెడిట్ చేయండి. మూడోది మీ ఇన్వాయిస్. డీలరు ఖాతాకు 4,13,000 డెబిట్, జీఎస్టీ చెల్లింపు ఖాతాకు 63,000 క్రెడిట్, ఆస్తి అమ్మకం ఖాతాకు 3,50,000 క్రెడిట్. ఇక్కడ పాత జనరేటరు మొత్తంగా పుస్తకంలోంచి వెళ్లిపోవాలి. దాని కొన్న ధర 8,00,000, దాని మీద ఇంతవరకు పేరుకున్న తరుగుదల 5,20,909 రెండూ అమ్మకం ఖాతాకు మళ్లిస్తే మిగిలేది 70,909, అదే లాభం. చివరగా డీలరుకు బ్యాంకు ద్వారా 12,39,000 చెల్లించగానే ఆయన ఖాతా సున్నా అవుతుంది. సున్నా కాకపోతే ఎక్కడో ఒక ఎంట్రీ తప్పిందని అర్థం.

డీలరు మొండికేసి 15,00,000, 4,50,000 అంకెలతోనే ఇన్వాయిస్‌లు కావాలంటే? ఇచ్చే డబ్బు మారదు, నికరంగా జీఎస్టీ కూడా మారదు. పుస్తకంలో మాత్రం రెండు వైపులా లక్ష తగ్గించి, అది ధరలో తగ్గింపు అని కారణం రాసి, కొటేషన్ ప్రతులను ఆ ఎంట్రీకి జత చేయాలి. కానీ అప్పుడు రిటర్నుల్లో ఒక అంకె, పుస్తకంలో మరో అంకె ఉంటాయి, అడిగిన ప్రతిసారీ వివరించుకోవాలి. మీ స్థానంలో నేనుంటే 14,00,000, 3,50,000తో ఇన్వాయిస్‌లు ఇస్తేనే ఆర్డరు ఇస్తానని చెప్పేవాణ్ణి.

ఆదాయపు పన్నులో ఈ తేడా అంతగా కనిపించదు. అక్కడ ఒక్కో యంత్రానికి విడిగా లాభం లెక్కించరు. 15 శాతం రేటున్న యంత్రాలన్నీ ఒకే గుంపు. గుంపు విలువలోంచి అమ్మిన ధర తీసేసి, కొత్తది కలిపి, మిగిలినదాని మీద తరుగుదల తీసుకుంటారు. 14,00,000 కలిపి 3,50,000 తీసినా, 15,00,000 కలిపి 4,50,000 తీసినా వచ్చేది ఒకటే. పుస్తకంలో చూపిన 70,909 లాభాన్ని పన్ను లెక్కలో తీసివేయాలి, అది మీ ఆడిటర్ చూసుకుంటారు. మీరు చూసుకోవలసింది తేదీ. కొత్త యంత్రం ఆ ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడకంలో ఉంటే మొదటి ఏడాది సగం తరుగుదలే దొరుకుతుంది. అక్టోబరు 3వ తేదీకల్లా జనరేటరు బిగించి నడిపితే మార్చి 31కి 180 రోజులు నిండుతాయి. ఒక్కరోజు ఆలస్యమైనా 2,10,000 బదులు 1,05,000 మాత్రమే వస్తుంది. బిగించేవారు రావడానికి వారం పడుతుందని డీలరు సాగదీస్తే ఒప్పుకోకండి. నడిపి చూపించిన రోజున తేదీ, అవర్ మీటరు అంకె రాసి సంతకం తీసుకోండి.

అయితే పన్నులో తేడా లేనప్పుడు పుస్తకంలో లక్ష గురించి ఇంత పట్టింపు ఎందుకు? బావగారి వల్ల. ఆయన మార్చిలో తప్పుకోకపోతే ఈ లక్ష ముందో వెనకో ముగ్గురికీ సమానంగా సర్దుబాటయ్యేది. ఈ ఏడాది లాభం లక్ష ఎక్కువ చూపిస్తే, కొత్త యంత్రం ధర లక్ష ఎక్కువగా ఎక్కుతుంది కాబట్టి, రాబోయే సంవత్సరాల తరుగుదల రూపంలో ఆ లక్ష తిరిగి పోతుంది. కానీ ఆ సంవత్సరాల్లో బావగారు ఉండరు. లేని లాభంలో వాటా ఆయన తీసుకుని వెళ్తే, దాని భారం మీవారు, మీ మరిది మోస్తారు.

అంకెల్లో చెప్పాలంటే, బావగారు అడిగిన 1,48,280లో మూడో వంతు 49,427. అసలు లాభం 70,909లో మూడో వంతు 23,636. ఆరు నెలల తరుగుదల 22,629 ఈ ఏడాది ఖర్చుగా పడుతుంది కాబట్టి, ఆ యంత్రం వల్ల ఏడాది మొత్తం లాభంలో నికరంగా చేరేది 48,280. బావగారు ఆ తరుగుదలను లెక్కలోకి తీసుకోకుండా మార్చి నాటి విలువతో పోల్చారు. అందుకే ఆయన అంకెకు, ఈ నికర అంకెకు తేడా సరిగ్గా లక్ష. ఆ లక్ష డీలరు ధర పెంచి తిరిగి ఇచ్చిన లక్షే, వేరేది కాదు. ఈ ఒక్క సంగతి ఆయనకు కాగితం మీద చూపించండి. 15,00,000 కొటేషన్, 14,00,000 కొటేషన్ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే వ్యాపారం చేసినవారికి బేరంలో పెంచిన ధర తెలియకుండా ఉండదు.

ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లాభం చేతికి రాలేదు, కొత్త యంత్రంలోకి వెళ్లిపోయింది కాబట్టి ఆయనకు ఏమీ రాదని ఎవరైనా అంటే అది అన్యాయం. ఆరేళ్ల పాటు ఎక్కువ తరుగుదల వేయడం వల్ల ఆయన వాటా లాభం కూడా ఏటా కొంత తగ్గుతూ వచ్చింది. అది ఇప్పుడు బయటపడింది కాబట్టి ఆయన వాటా ఆయనకు చెందుతుంది. మీ భాగస్వామ్య పత్రంలో తప్పుకునేవారికి ఆస్తులను మార్కెట్ విలువకు లెక్కకట్టి ఇవ్వాలనే షరతు ఉందేమో కూడా చదవండి. ఉంటే, కంప్రెసర్లు, ట్యాంకు, కొత్త జనరేటరు అన్నిటికీ మార్చిలో విలువ కట్టాలి. అప్పుడు జనరేటరు పుస్తకంలో 15,00,000కు ఉంటే ఎలాగూ తగ్గించాల్సి వస్తుంది. మొదటే 14,00,000కు ఉంటే ఆ రోజున వాదన ఉండదు.

పాత జనరేటరు మీద బ్యాంకు అప్పు ఇంకా ఉంటే, లేదా అది తనఖా ఆస్తుల జాబితాలో ఉంటే, బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం ముందే తీసుకోండి. అప్పు తీరిపోయినా జాబితాలో పేరు అలాగే ఉండిపోవడం మామూలే. కొత్తదానికి అప్పు తీసుకుంటున్నట్లయితే బ్యాంకుకు ఇచ్చే కొటేషన్ కూడా 14,00,000దే ఇవ్వండి. ఎక్కువ అప్పు దొరుకుతుందని 15,00,000 చూపమని ఎవరైనా సలహా ఇస్తే, కట్టాల్సిన వడ్డీ మీదేనని గుర్తు చేయండి.

కొత్తది నడిచాకే పాతదాన్ని పంపండి. మీ ఇన్వాయిస్ మీద ఇంజిన్ నంబరు, ఆల్టర్నేటర్ నంబరు, ఆ రోజు అవర్ మీటరు అంకె రాయండి. విలువ 50,000 దాటుతుంది కాబట్టి లారీ కదలకముందే ఈ-వే బిల్లు తీయండి, ఎవరు తీయాలో డీలరుతో ముందే తేల్చుకోండి. ట్యాంకులో మిగిలిన డీజిల్‌ను తోడి పక్కన పెట్టుకోండి, దాని ధర ఎవరి కొటేషన్‌లోనూ లేదు. ఆ సాయంత్రమే బీమా కంపెనీకి పాతదాని పేరు తీసి కొత్తదాన్ని 14,00,000కు చేర్చమని ఉత్తరం పంపండి.